గుండె తలుపు ఇరుకైతే

బడిలో ఉదయం ప్రార్థన సాగుతూ ఉండగా వరసలో నిలబడ్డ కుర్రవాడొకడు ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చాడు. ఎండ చురుక్కుమంటోంది. కదలకుండా పావుగంట నిలబడ్డాడు. నీడకు తీసుకుపోయి పడుకోబెడితే రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. ఇందులో సాధారణంగా భయపడవలసిందేమీ లేదు. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి అక్కడే నిలుస్తుంది. మెదడుకు కాసేపు చాలదు. మనిషిని పడుకోబెట్టగానే రక్తం మళ్ళీ తలకు చేరుతుంది.

ఇప్పుడు మరో సంఘటన ఊహించండి. తెనాలి స్టేషనులో రేపల్లె బండి కదలబోతోంది. యాభై ఎనిమిదేళ్ళ పెద్దాయన ఒకరు చేతిలో సంచితో వంతెన మెట్లు గబగబా ఎక్కుతున్నారు. పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి కళ్ళకు చీకట్లు కమ్మాయి. అక్కడే కూలబడిపోయారు. ఆయన కూడా రెండు నిమిషాల్లో లేచి కూర్చున్నారు. ఎవరో సోడా ఇచ్చారు. "నీరసం, మరేం లేదు" అన్నారు. తరవాతి బండికి ఇంటికి వెళ్ళిపోయారు.

చూడడానికి రెండూ ఒకటే. కాని వైద్యుడు ఈ రెండింటినీ ఒకే రకంగా చూడడు. నిలబడి నిలబడి పడిపోవడం వేరు. మెట్లెక్కుతూనో, పరిగెత్తుతూనో, బరువు మోస్తూనో, అంటే శ్రమ పడుతూ ఉండగా పడిపోవడం వేరు. రెండోది గుండె పంపించే హెచ్చరిక కావచ్చు. అలాంటి హెచ్చరిక పంపే జబ్బుల్లో ముఖ్యమైనది ఒకటుంది. దాని పేరు అయోర్టిక్ స్టెనోసిస్. అంటే బృహద్ధమని కవాటం ఇరుకు కావడం అన్నమాట. ఇరుకైన తలుపుకీ, స్పృహ తప్పడానికీ సంబంధం ఏమిటో చూద్దాం.

రూపాయి బిళ్ళంత దారి

గుండెకు నాలుగు గదులని మీ జీవశాస్త్ర పుస్తకంలో చదివారు. వాటిలో గట్టి గోడలున్నది ఎడమ జఠరిక. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తాన్ని ఒళ్ళంతటికీ నెట్టేది అదే. ఆ గది నుంచి బయటికి పోయే పెద్ద గొట్టం బృహద్ధమని. గదికీ గొట్టానికీ మధ్య ఒక తలుపు ఉంది. దానికి మూడు రెక్కలు. ఒక్కొక్కటీ అర్ధచంద్రాకారంలో, పల్చగా, మెత్తగా ఉంటుంది. జఠరిక ముడుచుకోగానే రెక్కలు తెరుచుకుని గోడకు ఆనుకుంటాయి. జఠరిక వదులు కాగానే మూడూ కలిసి మూసుకుంటాయి. బయటికి పోయిన రక్తం వెనక్కి రాకుండా చూడడమే వాటి పని.

పెద్దవారిలో ఈ తలుపు పూర్తిగా తెరుచుకుంటే ఏర్పడే దారి వైశాల్యం మూడు, నాలుగు చదరపు సెంటీమీటర్లు. మూడు అనుకుందాం. అంటే దాదాపు రెండు సెంటీమీటర్ల వ్యాసం, మన రూపాయి బిళ్ళంత. ఈ దారి ఒక చదరపు సెంటీమీటరు కంటె తగ్గితే వైద్యులు దాన్ని తీవ్రమైన ఇరుకు అంటారు. మన పెద్దాయన విషయంలో అది ముప్పాతిక చదరపు సెంటీమీటరే ఉందనుకుందాం. వ్యాసం ఒక్క సెంటీమీటరు, చొక్కా గుండీ అంత. వ్యాసం సగమైతే వైశాల్యం పావు వంతు అవుతుందని మీకు లెక్కల్లో చెప్పే ఉంటారు.

తలుపు ఎందుకు ఇరుకవుతుంది? ముఖ్యంగా మూడు కారణాలు. కొందరికి పుట్టుకతోనే ఈ తలుపుకి మూడు రెక్కలకు బదులు రెండే ఉంటాయి. వందమందిలో ఒకరికి ఇలా ఉంటుంది. చిన్నతనంలో దీనివల్ల ఏ బాధా తెలియకపోవచ్చు. కాని రెండు రెక్కల తలుపు మీద ఒత్తిడి ఎక్కువ. అది తొందరగా అరిగి, సున్నం పేరుకుని, యాభై అరవై ఏళ్ళకే బిగుసుకుపోతుంది. రెండో కారణం వయసు. మూడు రెక్కలూ సరిగా ఉన్నవారిలో కూడా కొందరికి అరవై అయిదు దాటాక కాల్షియం పేరుకుంటుంది. మూడోది మీ వయసు వాళ్ళకు ముఖ్యమైనది. స్ట్రెప్టోకాకస్ అనే ఒక రకం బాక్టీరియావల్ల గొంతు నొప్పి వచ్చి, దానికి సరైన మందు పడకపోతే, రెండు మూడు వారాలకు కొంతమంది పిల్లలకు జ్వరమూ, ఒక కీలు నుంచి మరొక కీలుకు మారే నొప్పులూ వస్తాయి. అది రుమాటిక్ జ్వరం. బాక్టీరియా మీదికి శరీరం తయారుచేసుకున్న ఆయుధాలు పొరపాటున గుండె కవాటాలనే గాయపరుస్తాయి. గాయం మానినా మచ్చ మిగులుతుంది. ఏళ్ళ తరబడి ఆ మచ్చలు గట్టిపడి రెక్కలు అంచుల దగ్గర అతుక్కుపోతాయి.

కాలువ చెప్పే లెక్క

ఇరుకు తలుపువల్ల గుండెకు కలిగే కష్టం తెలియాలంటే మన కాలువలను తలుచుకోవడం మంచిది. విజయవాడ దగ్గర ప్రకాశం బారేజి నుంచి పశ్చిమ డెల్టా కాలువలోకి వదిలిన నీళ్ళు దుగ్గిరాల లాకుల దగ్గరికి వచ్చి చీలి తెనాలి వైపూ, రేపల్లె వైపూ, బాపట్ల వైపూ సాగుతాయి. లాకు తలుపులన్నీ ఎత్తి ఉంటే పైనీటి మట్టానికీ, కిందినీటి మట్టానికీ పెద్ద తేడా ఉండదు. తలుపుల్లో ముప్పాతిక భాగం బిగుసుకుపోయిందనుకోండి. అంత నీరూ మిగిలిన సందులోంచే పోవాలి. అలా పోవాలంటే వేగంగా దూకాలి. వేగంగా దూకాలంటే పైన మట్టం పెరగాలి. ఇక్కడ ప్రకృతి ఒక కఠినమైన నియమం పెట్టింది. వేగం రెట్టింపు కావాలంటే మట్టాల తేడా రెట్టింపయితే చాలదు, నాలుగింతలు కావాలి. వేగం నాలుగింతలు కావాలంటే తేడా పదహారింతలు!

గుండెలో మట్టానికి బదులు రక్తపు ఒత్తిడి ఉంటుంది. దీన్ని పాదరసపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. రక్తం తలుపు దాటే వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ నాలుగుతో గుణిస్తే తలుపుకి అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా వస్తుంది. వైద్యులు ఎకో యంత్రం ముందు కూర్చుని వేసే లెక్క ఇదే.

ఆ లెక్క మనమూ వేద్దాం. ఊరికే కూర్చున్న మనిషి గుండె నిమిషానికి డెబ్బయి సార్లు కొట్టుకుని సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. కాని తలుపు నిమిషమంతా తెరిచి ఉండదు. ఒక్కొక్కసారి సుమారు 0.3 సెకను మాత్రమే తెరుచుకుంటుంది. అంటే నిమిషం మొత్తంలో 21 సెకన్లు. ఆ 21 సెకన్లలోనే 5 లీటర్లూ దాటాలి. అంటే సెకనుకి దాదాపు 240 ఘన సెంటీమీటర్లు.

మంచి తలుపులో దారి 3 చదరపు సెంటీమీటర్లు కదా! 240ని 3తో భాగిస్తే వేగం సెకనుకి 80 సెంటీమీటర్లు, అంటే 0.8 మీటరు. ఒత్తిడి తేడా రెండున్నర మిల్లీమీటర్లే. ఉన్నా లేనట్టే. మన పెద్దాయన గుండెలో దారి ముప్పాతిక చదరపు సెంటీమీటరు. అదే రక్తం పోవడానికి సెకనుకి 3.2 మీటర్ల వేగం కావాలి. ఒత్తిడి తేడా 40 మిల్లీమీటర్లు. దారి పావు వంతయితే వేగం నాలుగింతలు, ఒత్తిడి తేడా పదహారింతలు. బృహద్ధమనిలో ఒత్తిడి మామూలుగా 120 ఉండాలంటే ఆయన ఎడమ జఠరికలో 160 పుట్టాలి. ఇంత జరుగుతున్నా చేతికి పట్టీ చుట్టి చూస్తే రక్తపోటు 120 అనే కనిపిస్తుంది! పట్టీ చూసేది తలుపు అవతలి ఒత్తిడిని మాత్రమే.

ఇది ఆయన కుర్చీలో కూర్చున్నప్పటి లెక్క. మెట్లు గబగబా ఎక్కేటప్పుడు ఒంటికి నిమిషానికి 10 లీటర్లు కావాలి. గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటుంది. తలుపు ఒక్కొక్కసారి పావు సెకను మాత్రమే తెరుచుకుంటుంది. అంటే మొత్తం 30 సెకన్లు. మళ్ళీ అలాగే లెక్క వేసి చూడండి. మంచి తలుపుకైతే ఒత్తిడి తేడా 5. ఇరుకు తలుపుకి దాదాపు 80! జఠరికలో 200 పుట్టాలి. ఇంకా వేగంగా పరిగెత్తాలంటే మరీ ఎక్కువ కావాలి. ఇక ఏ గుండె కండరమూ తట్టుకోలేని స్థితి వస్తుంది.

కండరం పెరిగినా కష్టమే

పెద్దాయన తలుపు ఒక్క రోజులో ఇరుకు కాలేదు. పది పదిహేనేళ్ళు పట్టింది. ఈలోగా గుండె ఊరుకోలేదు. రోజూ బరువులెత్తే కూలీ చేతుల కండలు పెరిగినట్టు జఠరిక గోడ దళసరి అయింది. మామూలుగా ఒక సెంటీమీటరుకి మించని గోడ ఒకటిన్నర సెంటీమీటర్లయింది. అందుకే ఇన్నాళ్ళూ ఆయనకు ఏ బాధా తెలియలేదు. ఈ జబ్బులోని మోసం ఇదే.

కాని దళసరి గోడకు దాని కష్టాలు దానికున్నాయి. గుండె కండరానికి కూడా రక్తం కావాలి. ఆ రక్తం అందేది ప్రధానంగా గుండె ముడుచుకున్నప్పుడు కాదు, వదులైనప్పుడు. ముడుచుకున్నప్పుడు దాని లోపలి సన్నని నాళాలు పిండినట్టు నొక్కుకుపోతాయి. గుండె వేగంగా కొట్టుకుంటే వదులుగా ఉండే కాలమే తగ్గిపోతుంది. కండరం ఎక్కువ, పని ఎక్కువ, తిండి తినడానికి వ్యవధి తక్కువ! అందుకే కొందరికి నడుస్తుంటే గుండెల్లో నొప్పి వస్తుంది. అదీగాక దళసరి గోడ బిరుసుగా ఉంటుంది. వదులై రక్తాన్ని లోపలికి సులువుగా తీసుకోలేదు. రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల దాకా నిలిచిపోతుంది. అప్పుడు ఆయాసం వస్తుంది. శ్రమపడితే నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, ఈ మూడూ ఈ జబ్బు ముఖ్య లక్షణాలు.

మెరక పొలానికి నీరందదు

ఇప్పుడు మన అసలు ప్రశ్నకి వద్దాం. శ్రమపడితే స్పృహ ఎందుకు తప్పుతుంది?

మళ్ళీ కాలువ దగ్గరకే వెళదాం. లాకు తలుపు బిగుసుకుని ఉంది. వచ్చే నీరు ఇంతకు మించి పెరగదు. నాట్ల రోజులు వచ్చాయి. దారిలో ఉన్న రైతులందరూ తమ తూములు ఒక్కసారి తెరిచారు. ఏమవుతుంది? కాలువలో మట్టం పడిపోతుంది. చివరన ఉండే శివారు పొలాలకీ, అందులోనూ మెరక మీద ఉన్న వాటికీ చుక్క నీరు ఎక్కదు. రేపల్లె, బాపట్ల శివారు గ్రామాల పిల్లలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మన ఒంట్లో కాళ్ళ కండరాలు దారిలోని పొలాల్లాంటివి. మెట్లెక్కేటప్పుడు వాటికి రక్తం ఎక్కువ కావాలి కనుక వాటిలోని సన్నని ధమనులు తూముల్లా తెరుచుకుంటాయి. ఆరోగ్యవంతుడిలో గుండె దానికి తగ్గట్టు ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకే అతని రక్తపోటు తగ్గదు సరికదా, 160 దాకా పెరుగుతుంది. మన పెద్దాయన గుండె ఎంత తంటాలు పడినా కావలసినంత పంపలేదు. తూములు తెరుచుకున్నాయి, రాక పెరగలేదు. రక్తపోటు పెరగడానికి బదులు పడిపోతుంది. ఇక నిలబడి ఉన్న మనిషిలో అన్నిటికన్నా మెరక మీద ఉన్న పొలం ఏది? మెదడు! దానికి నిమిషానికి ముప్పాతిక లీటరు రక్తం అందాలి. అది పూర్తిగా ఆగితే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. జఠరిక గోడలో ఒత్తిడిని కనిపెట్టే నాడులున్నాయి. లోపల 200 పుట్టగానే అవి "ఒత్తిడి మించిపోయింది, తగ్గించండి" అని మెదడుకి కబురు పెడతాయి. అవతల బృహద్ధమనిలో ఒత్తిడి తక్కువగా ఉందన్న సంగతి వాటికి తెలియదు. కబురు నమ్మి మెదడు రక్తనాళాలను ఇంకా వదులు చేస్తుంది, గుండె వేగం తగ్గిస్తుంది. అసలే పడిపోతున్న రక్తపోటు మరింత పడుతుంది. కొందరిలో రక్తం చాలని గుండె కండరం లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకోవడం కూడా జరుగుతుంది. అది అన్నిటికన్నా ప్రమాదం. అలా లయ తప్పిన గుండె మళ్ళీ దారికి రాకపోతే మనిషి లేవడు.

మెట్ల మీద పడిపోయిన పెద్దాయన రెండు నిమిషాల్లో లేవడానికి కారణం కూడా ఇప్పుడు మీకు తెలిసింది. ఆయన పడుకోగానే మెదడు మెరక మీద లేదు. కాళ్ళు పని ఆపేశాయి, తూములు మూసుకున్నాయి. అంతేగాని తలుపు బాగుపడలేదు. మరోసారి మెట్లెక్కితే మళ్ళీ అదే జరుగుతుంది.

దీన్ని ఎందుకు హెచ్చరిక అంటున్నామంటే, 1968లో అమెరికాలో జాన్ రాస్, యూజీన్ బ్రౌన్‌వాల్డ్ అనే ఇద్దరు వైద్యులు ఈ జబ్బు నడకను గురించి వివరంగా రాశారు. ఇరుకు పెరుగుతున్నా చాలా ఏళ్ళు రోగి సుఖంగానే ఉంటాడు. కాని ఒకసారి లక్షణాలు మొదలయ్యాక పరిస్థితి ఒక్కసారి మారిపోతుంది. తలుపు మార్చకపోతే, స్పృహ తప్పడం మొదలైనవారు సగటున మూడేళ్ళూ, గుండె నీరసించి ఆయాసపడేవారు సగటున రెండేళ్ళూ మాత్రమే బతుకుతారని వారు చూపారు. ఇవి సగటు అంకెలు. ఫలానా మనిషి ఎన్నాళ్ళు ఉంటాడో అవి చెప్పవు. కాని ఆలస్యం చేయకూడదని మాత్రం స్పష్టంగా చెబుతాయి.

వైద్యుడు ఎలా కనిపెడతాడు?

ముందుగా నాడి చూస్తాడు. మామూలు నాడి వేలికి టక్కున తగులుతుంది. ఇరుకు తలుపు ఉన్నవారి నాడి బలహీనంగా, నెమ్మదిగా పైకి లేస్తుంది. తరవాత స్టెతస్కోపును ఎదురు రొమ్ము ఎముకకు కుడి పక్కన, రెండో పక్కటెముక కింద ఆనిస్తాడు. లబ్, డబ్ అనే రెండు చప్పుళ్ళ మధ్య గరగరమనే శబ్దం వినిపిస్తుంది. మెడ దాకా పాకుతుంది. అది ఇరుకు సందులోంచి దూకే రక్తం చేసే హోరు. లాకు సందులోంచి దూకే నీళ్ళ చప్పుడు లాంటిదే. ఇక్కడ ఒక జాగ్రత్త. హోరు పెద్దగా ఉంటే జబ్బు పెద్దదనీ, చిన్నగా ఉంటే చిన్నదనీ అనుకోకూడదు. గుండె బాగా నీరసించి తక్కువ రక్తం పంపుతున్నప్పుడు హోరు కూడా తగ్గిపోతుంది. అలాగే పిల్లల గుండెలో వినిపించే మెత్తని చప్పుళ్ళు చాలావరకు జబ్బు కానే కావు.

ఖాయంగా తేల్చేది ఎకో పరీక్ష. మనిషి చెవికి వినపడని ధ్వని తరంగాలను గుండె మీదికి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో తలుపు కదలికను తెరమీద చూపిస్తుంది. రక్తం వేగాన్ని కూడా కొలుస్తుంది. ఆ వేగం సెకనుకి 4 మీటర్లు దాటితే ఇరుకు తీవ్రమైనదని అర్థం. శ్రమపడితే స్పృహ తప్పే మనిషికి ఎకో తీయకుండా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించే పరీక్ష చేయకూడదు. కారణం మీరే చెప్పగలరు. అలాగే గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర సొంతంగా వాడకూడదు. అది నాళాలను వదులు చేస్తుంది. అంటే ఇంకొన్ని తూములు తెరిచినట్టే.

గట్టిపడ్డ రెక్కలను మెత్తబరిచే మందు ఇంతవరకూ లేదు. తలుపు మార్చవలసిందే. పాతదాన్ని కోసి తీసి లోహపు కవాటంగానీ, జంతువుల కణజాలంతో చేసిన కవాటంగానీ కుడతారు. లోహపు కవాటం చాలా ఏళ్ళు మన్నుతుంది. కాని దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. కణజాలపు కవాటానికి ఆ బాధ తక్కువ, కాని కొన్నేళ్ళకు అది అరుగుతుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం ఏళ్ళ తరబడి శ్రమించి మన దేశపు కవాటాన్ని తయారుచేసింది. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి ఒక రోగికి అమర్చారు. 2002లో ఫ్రాన్సులో డాక్టర్ అలాన్ క్రిబియే రొమ్ము కోయకుండా తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టంతో కవాటాన్ని పంపి, పాత తలుపు లోపలే విప్పారేటట్టు చేశాడు. ఇప్పుడు వయసు మళ్ళినవారికి ఈ పద్ధతి మన దేశంలో కూడా చేస్తున్నారు.

మీరు చేయగలిగినవి

ఆటస్థలంలో పరిగెత్తుతూ ఉండగా మీ స్నేహితుడు పడిపోతే ముందు వెల్లకిలా పడుకోబెట్టండి. లేపి కూర్చోబెట్టవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. మాస్టారిని పిలవండి. పిలిచినా పలకక, ఊపిరి కూడా మామూలుగా తీయకపోతే 108కి ఫోన్ చేయించి, పెద్దలచేత ఎదురు రొమ్ము మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కించాలి. వెంటనే లేచి కూర్చున్నా సరే, ఆ రోజు మళ్ళీ ఆడనివ్వవద్దు. పడిపోయినప్పుడు ఏం చేస్తున్నాడో గుర్తుపెట్టుకోండి: నిలబడి ఉన్నాడా, పరిగెత్తుతున్నాడా? వైద్యుడు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. చూసినవారు మీరే కనుక సరైన జవాబు మీ దగ్గరే ఉంటుంది. శ్రమపడుతూ పడిపోయిన ప్రతివారికీ ఇదే జబ్బు ఉంటుందని కాదు. గుండె కండరం జబ్బులూ, లయ జబ్బులూ కూడా ఇలాగే చేస్తాయి. ఏది ఏమైనా ఎకో, ఇ.సి.జి. తీయించి చూడవలసిందే.

ఇంటికి వెళ్ళాక మరో పని చేయండి. మీ తాతగారో, నాయనమ్మో ఈ మధ్య మెట్లెక్కడం మానేశారా? సంతకు నడిచి వెళ్ళేవారు రిక్షా ఎక్కుతున్నారా? "వయసు మీదపడింది" అని వారు అనవచ్చు. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయా అని ఒక్క మాట అడగండి. అవునంటే, స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు వినే వైద్యుడి దగ్గరికి ఆ వారంలోనే తీసుకువెళ్ళమని నాన్నగారికి చెప్పండి.